ఎడమ దిగువ లోబ్‌లో కళ్లె: పన్నెండు వారాల ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

బ్రాంకియెక్టాసిస్ అంటే ఊపిరితిత్తుల్లోని గాలి నాళాలు శాశ్వతంగా వెడల్పై, వాటిలో కళ్లె నిలిచిపోయే జబ్బు. అది ఉన్న మనిషి రోజూ ఊపిరితిత్తుల్లోంచి కళ్లె తీసుకునే పద్ధతిని ఎలా అమర్చాలో, ఏ దశలో ఏం మార్చాలో రాసుకున్న డైరీ ఇది. ఇందులోని కేసు ఏ ఒక్కరిదీ కాదు. ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో తరచూ కనిపించే లక్షణాలన్నీ కలిపి ఒక నమూనాగా పెట్టుకున్నాం. కప్పు కొలతలు కూడా ఆ నమూనావే.

కేసు: యాభై దాటిన మహిళ. చిన్నతనంలో తీవ్రంగా న్యుమోనియా వచ్చింది. సీటీ స్కాన్‌లో ఎడమ ఊపిరితిత్తి దిగువ లోబ్‌లోని గాలి నాళాలు పక్కనున్న రక్తనాళాల కంటే వెడల్పుగా ఉన్నాయి. అంచువైపు పోయేకొద్దీ సన్నబడాల్సినవి సన్నబడటం లేదు. రోజుకి సుమారు 35 మి.లీ. కళ్లె పడుతుంది, అందులో ఎక్కువ పొద్దున లేవగానే. గడిచిన ఏడాదిలో మూడుసార్లు ఛాతీ ఇన్‌ఫెక్షన్ ముదిరి యాంటీబయాటిక్ కోర్సులు వాడారు. పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట ఉన్నాయి. కళ్లె తీయడానికి ఇంతవరకూ ఆమెకి తెలిసింది ఒక్కటే: డొక్కలు నొప్పి పుట్టేదాకా గట్టిగా దగ్గడం.

ముందుగా కొలత. గుర్తులున్న, మూత ఉన్న పారదర్శకమైన కప్పులు రెండు పెట్టించాం. సాధన చేసేటప్పుడు వచ్చిన కళ్లె ఒకదాంట్లో, మిగతా రోజంతా వచ్చింది రెండోదాంట్లో. పైన తేలేది ఉమ్ము, నురగ. అందుకే కాసేపు కదపకుండా ఉంచి, అది వదిలేసి కింది భాగాన్ని చదవాలి. రంగు కూడా రాయాలి: తెల్లగా, లేత పసుపుగా, ముదురు పసుపు లేదా ఆకుపచ్చగా. ఆకుపచ్చదనం న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల్లోని ఎంజైము వల్ల వస్తుంది. కాబట్టి రంగు ముదిరిందంటే లోపల ఆ కణాలు పెరిగాయని అర్థం.

మొదటి వారం లెక్క: రోజుకి 35 మి.లీ.లో సాధన సమయంలో వచ్చింది 8 మాత్రమే. మిగతాదంతా పనిలో ఉండగా, మాట్లాడుతుండగా, రాత్రి నిద్ర చెడగొట్టుకుంటూ వచ్చినదే. ఈ ప్రాజెక్టులో మార్చాల్సింది ముఖ్యంగా ఈ నిష్పత్తినే.

నాళం తనంతట తాను ఎందుకు ఖాళీ కాదు

ఆరోగ్యంగా ఉన్న గాలి నాళం లోపలి గోడమీద సిలియా అనే అతి సన్నని నూగు ఉంటుంది. అది సెకనుకి పదిసార్లకు పైగా కొట్టుకుంటూ, పైనున్న పల్చటి కళ్లె పొరని నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గొంతువైపు నెడుతూ ఉంటుంది. మనకు తెలియకుండానే మింగేస్తాం.

బ్రాంకియెక్టాసిస్‌లో దెబ్బతినేది ఇదే. కదలకుండా నిలిచిన కళ్లెలో క్రిములు పెరుగుతాయి. వాటిమీదికి వచ్చిన న్యూట్రోఫిల్స్ ఎలాస్టేజ్ అనే ఎంజైముని విడుస్తాయి. అది క్రిములతో ఆగదు. గోడలోని సాగే పోగుల్ని కరిగిస్తుంది, సిలియాని మందగింపజేస్తుంది, కళ్లె ఇంకా ఊరేలా చేస్తుంది. చచ్చిన తెల్లకణాల డీఎన్‌ఏ కలిసి కళ్లె జిగురవుతుంది. జిగురైంది కదలదు, కదలనిదాంట్లో మళ్లీ క్రిములు. వైద్యుడు పీటర్ కోల్ 1986లో దీన్ని విషవలయంగా వర్ణించారు. వెడల్పైన నాళాన్ని మళ్లీ సన్నగా చేసే మందు లేదు. కానీ నిల్వని తగ్గిస్తే ఈ వలయాన్ని ఒకచోట తెంపవచ్చు.

సిలియా చేయలేని పనిని దగ్గు చేస్తుంది కదా అనిపిస్తుంది. ఇక్కడ చిన్న లెక్క వేయాలి. 4 మి.మీ. వ్యాసం ఉండాల్సిన నాళం 8 మి.మీ. అయిందనుకోండి. వ్యాసం రెట్టింపైతే లోపలి వైశాల్యం నాలుగింతలవుతుంది. అంతే గాలి అదే సమయంలో పోతే దాని వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. కళ్లెని గోడ నుంచి ఊడదీసి ముందుకి లాగేది ఆ వేగమే. పైగా గోడ బలహీనపడి ఉంటుంది కాబట్టి గట్టిగా దగ్గినప్పుడు ఛాతీలోని ఒత్తిడికి నాళం కళ్లెకి పైభాగాన నలిగి మూసుకుపోతుంది. దారి మూసుకున్నాక ఎంత దగ్గినా కళ్లె వెనకాలే ఉండిపోతుంది. డొక్కలు నొప్పి పుట్టినా ఏమీ రాకపోవడానికి కారణం ఇది.

ఎడమ దిగువ లోబ్‌కి మరో ఇబ్బంది ఉంది. కూర్చున్నా, నిలబడ్డా అక్కడి కళ్లె పైకి ఎక్కాలి. ఎగువ లోబ్‌లో ఉన్నది కిందికి జారడానికి బరువు సాయం చేస్తుంది, దిగువ లోబ్‌కి ఆ సాయం లేదు.

కాబట్టి ఈ డైరీ అంతటా ఒక్కటే చూస్తాం: గాలి కళ్లె వెనక్కి చేరిందా, దాన్ని బయటికి తెచ్చేటప్పుడు నాళం మూసుకోకుండా ఉందా.

మొదటి రెండు వారాలు: శ్వాస చక్రం

మొదట నేర్పింది ఏసీబీటీ అనే శ్వాస చక్రం. ఏ పరికరమూ అక్కర్లేదు. మూడు ముక్కలుగా ఉంటుంది.

ఒకటి, నెమ్మది శ్వాస. భుజాలు వదులుగా, చేయి పొట్టమీద. ముక్కుతో మామూలు శ్వాస తీసుకుని తేలిగ్గా వదలాలి. అర నిమిషం నుంచి నిమిషం, లేదా ఊపిరి స్థిమితపడేదాకా.

రెండు, లోతైన శ్వాసలు మూడు లేదా నాలుగు. నిదానంగా నిండా పీల్చి, 3 సెకన్లు బిగబట్టి, ఒత్తకుండా వదిలేయాలి. ఆ మూడు సెకన్లే ఇక్కడ అసలు పని చేస్తాయి. కళ్లె అడ్డుపడిన నాళంలోకి గాలి నేరుగా పోలేదు. పక్క గాలి గదుల మధ్య ఉండే సన్నని దారుల గుండా చుట్టూ తిరిగి వెనక్కి చేరాలి. దానికి సమయం కావాలి. నాలుగు శ్వాసలు దాటితే తల తిరుగుతుంది, అందుకే ఆపి మళ్లీ నెమ్మది శ్వాసలోకి రావాలి.

మూడు, హఫ్. నోరు గుండ్రంగా తెరిచి, గొంతు తెరిచే ఉంచి, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు “హా…” అని గాలి వదలడం. దగ్గులో గొంతు ఒకసారి మూసుకుని ఠక్కున తెరుచుకుంటుంది, ఛాతీలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. హఫ్‌లో గొంతు మూసుకోదు. ఒత్తిడి తక్కువ కాబట్టి బలహీనమైన నాళం నలగదు.

ఒకటి లేదా రెండు హఫ్‌ల తర్వాత మళ్లీ నెమ్మది శ్వాస. ఈ చక్రాన్ని తిప్పుతూ పోవాలి. వరసగా రెండు హఫ్‌లు గురగుర లేకుండా పొడిగా వినిపిస్తే ఆ పూటకి చాలు. సాధారణంగా 10 నిమిషాల నుంచి 30 నిమిషాల లోపు అయిపోతుంది. అలసట వస్తే అంతకుముందే ఆపాలి. పొద్దున లేచాక ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండూ భోజనానికి ముందు, లేదంటే తిన్న రెండు గంటల తర్వాత.

మూడో వారం: హఫ్ తప్పుతున్న చోటు

సాధనలో వచ్చే కళ్లె 8 నుంచి 11 మి.లీ.కి మాత్రమే పెరిగింది. చేయించి చూస్తే లోపం స్పష్టంగా కనిపించింది. ఆమె ప్రతిసారీ నిండా గాలి పీల్చి, “హఁ” అని పొట్టిగా, బలంగా ఊదేస్తున్నారు. అది గొంతుకి దగ్గరగా ఉన్న పెద్ద నాళాలను శుభ్రం చేసే హఫ్. దిగువ లోబ్ లోతుల్లో ఉన్నదాన్ని అది కదిలించలేదు.

కారణం ఇదీ. హఫ్ చేసేటప్పుడు నాళాలు ఒక బిందువు దగ్గరనుంచి నోటివైపు కాస్త నొక్కుకుంటాయి. ఆ నొక్కుడు దగ్గర గాలి వేగం పెరిగి కళ్లె కదులుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి నిండుగా ఉంటే ఆ బిందువు పెద్ద నాళాల్లో ఉంటుంది. గాలి తగ్గేకొద్దీ అంచు నాళాల్లోకి దిగుతుంది. అందుకని ముందు సగం శ్వాస తీసుకుని, పొడవుగా, నిదానమైన బలంతో, పొట్ట కండరాలు లోపలికి పోయేదాకా హఫ్ చేయాలి. కళ్లె పైకి వచ్చిన గురగుర గొంతు దగ్గర వినిపించాక నిండా పీల్చి పొట్టి హఫ్, అవసరమైతే ఒక్క దగ్గు. ఈ వరస తిరగబడితే లోపలిది లోపలే ఉంటుంది.

చెవితో గుర్తుపట్టే పద్ధతి నేర్పాం. పొడవైన హఫ్ చివర్లో సన్నని చిటపట వినిపిస్తే కళ్లె ఇంకా అంచు నాళాల్లో ఉంది. మొదట్లోనే ముతక గురగుర వినిపిస్తే పైకి వచ్చింది, ఇప్పుడు తీయొచ్చు. సన్నని శబ్దం ఉండగానే దగ్గడం మొదలుపెడితే అలసటే మిగులుతుంది. హఫ్ చేస్తుంటే ఈలలాంటి కూత వస్తే బలం ఎక్కువైంది, నాళం బిగుసుకుంటోంది. అప్పుడు నెమ్మది శ్వాస ఎక్కువసేపు చేయాలి, తర్వాతి హఫ్ మెత్తగా ఉండాలి.

నాలుగో వారం చివరికి సాధనలో 18 మి.లీ., మిగతా రోజులో 19. మొత్తం 37, అంటే మొదటికన్నా కాస్త ఎక్కువే. కళ్లె పెరిగిందని ఆమె కంగారుపడ్డారు. ఈ దశలో మొత్తం పెరగడం మామూలే, నిల్వ ఉన్నది బయటికి వస్తోంది. రంగు ముదరకుండా, జ్వరమూ నలతా లేకుండా ఉంటే దీన్ని ఇన్‌ఫెక్షన్‌గా లెక్కించకూడదు.

అయిదో వారం: ఏ పక్కకి పడుకోవాలి

ఇక బరువు సాయం తీసుకోవాలి. పాత పద్ధతిలో మంచం కాళ్లవైపు ఎత్తి తల కిందికి ఉంచేవారు. పుల్లటి తేన్పులున్న మనిషికి అది పనికిరాదు. పొట్టలోని ఆమ్లం గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే కొత్త నష్టం. చదునుగా పడుకున్నా చాలావరకు ప్రయోజనం ఉంటుంది. ఎడమ దిగువ లోబ్‌లోది జారాలంటే ఎడమ వైపు పైకి ఉండాలి, అంటే కుడి పక్కకి తిరిగి పడుకోవాలి. అక్కడే శ్వాస చక్రం 10 నిమిషాలు.

ఇంకో పద్ధతి ఉంది, ELTGOL. ఈ డైరీలో దాన్ని ఎల్‌టోల్ అని రాస్తున్నాం. ఇందులో పక్క తిరగబడుతుంది: జబ్బు ఉన్న వైపు కిందికి. ఎడమ పక్కకి పడుకుని, గొంతు తెరిచి ఉంచి, మామూలు శ్వాస వదిలే స్థాయి నుంచి ఇంక వదలలేనంత దాకా నెమ్మదిగా, నిట్టూర్పులా ఊదుతూ పోవాలి. కింద ఉన్న ఊపిరితిత్తి శరీర బరువుకి ఎక్కువగా ముడుచుకుంటుంది. దాని సన్న నాళాల గుండా గాలి నెమ్మదిగా జరుగుతూ కళ్లెని లాక్కొస్తుంది. ఇక్కడ పని చేసేది బరువు వల్ల జారడం కాదు, గాలి ఖాళీ కావడం.

ఈ రెండింటినీ కలగాపులగం చేయడం చాలా తరచుగా జరిగే పొరపాటు. ఎడమ పక్కకి పడుకుని మామూలు లోతు శ్వాసలు తీస్తే రెండు లాభాలూ పోతాయి. అందుకని పొద్దున కుడి పక్క శ్వాస చక్రం, సాయంత్రం ఎడమ పక్క ఎల్‌టోల్ అని విడదీసి రాసిచ్చాం.

ఎల్‌టోల్‌ని ఎంచుకోవడానికి ఆధారం ఉంది. స్పెయిన్‌లో జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో 44 మంది ఏడాదిపాటు రోజుకి రెండుసార్లు ఎల్‌టోల్ గానీ, ఉత్తుత్తి వ్యాయామాలు గానీ చేశారు. ఎల్‌టోల్ చేసినవారిలో కళ్లె ఎక్కువగా బయటికొచ్చింది, జబ్బు ముదిరే సందర్భాలు తగ్గాయి. సంఖ్య చిన్నదే, కానీ ఏడాది పొడవునా గమనించిన పరీక్షలు ఈ రంగంలో అరుదు.

ఏడో వారం: పరికరం, ఉప్పునీరు

సాయంత్రం పూట పడుకునే వీలులేని రోజులు వస్తున్నాయి. కూర్చుని చేయడానికి ఊదితే కంపించే పరికరం ఇచ్చాం. లోపలి బంతి గానీ, అయస్కాంతమున్న మీట గానీ వదిలే గాలిని ఆపి ఆపి పంపుతుంది. నాళాల్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిచి అవి తెరిచి ఉంటాయి, కంపనం కళ్లెని వదులు చేస్తుంది.

మామూలు కన్నా కాస్త పెద్ద శ్వాస, 2–3 సెకన్లు బిగబట్టడం, తర్వాత పరికరంలోకి మామూలు కన్నా కాస్త బలంగా ఊదడం. ఊదడం 3–4 సెకన్లు సాగాలి. రెండు సెకన్లకే అయిపోతే బిగుతు పెంచాలి. అయిదారు సెకన్లు ముక్కుతూ ఊదాల్సి వస్తే తగ్గించాలి. ఇలా పది శ్వాసలు, తర్వాత రెండు మూడు హఫ్‌లు, మళ్లీ మొదటినుంచి. బుగ్గలు గట్టిగా ఉంచాలి. వదులుగా ఉంటే కంపనమంతా బుగ్గల్లోనే ఆగిపోతుంది. చేయి ఛాతీ పక్కన ఉంచితే సన్నని వణుకు తెలియాలి. బంతి ఉండే రకాన్ని సరైన వాలులో పట్టుకుంటేనే ఆ వణుకు వస్తుంది. హఫ్ చేయకుండా ఊదడంతోనే ఆపేస్తే కదిలిన కళ్లె పెద్ద నాళాల్లో కూర్చుంటుంది.

పరికరాన్ని విడదీసి, వాడిన ప్రతిసారీ గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే సూడోమోనాస్ లాంటి క్రిములు అందులోనే పెరుగుతాయి. మరిగించవచ్చో లేదో ఆ పరికరంతో వచ్చే కాగితం చూసుకోవాలి.

కళ్లె ఇంకా జిగురుగానే ఉంది కాబట్టి డాక్టర్‌తో మాట్లాడి నెబ్యులైజర్‌లో గాఢమైన ఉప్పునీరు మొదలుపెట్టాం: 6 శాతం, 4 మి.లీ. ఇది నీటిని కళ్లె పొరలోకి లాగుతుంది. కొందరికి నాళాలు బిగుసుకుంటాయి, అందుకే మొదటి మోతాదు ఇంట్లో వద్దు. ఊదుడు పరీక్ష చేసి, మందిచ్చి, మళ్లీ చేసి, ఊదుడు కొలత పడిపోలేదని చూశాకే ఇంటికి. వరస ఇది: నాళాలు తెరిచే ఇన్హేలర్, పది పదిహేను నిమిషాల తర్వాత ఉప్పునీరు, వెంటనే శ్వాస సాధన. పీల్చే యాంటీబయాటిక్ ఉంటే అది అన్నిటికన్నా చివర, నాళాలు ఖాళీ అయ్యాక.

దీనినుంచి ఎంత ఆశించాలో కూడా ఆమెకి చెప్పాం. బ్రిటన్‌లో చేసి 2025లో ప్రచురించిన పెద్ద పరీక్షలో ఉప్పునీరు ఏడాదిలో జబ్బు ముదిరే సందర్భాలను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. కళ్లె తీయడం తేలికయ్యేవాళ్లకు అది ఉపకరణం. నాలుగు వారాల్లో తేడా తెలియకపోతే ఆపేయడమే సబబు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధిలో వాడే డీఎన్‌ఏని కోసే మందు సంగతి వేరు. మామూలు బ్రాంకియెక్టాసిస్‌లో అది జబ్బుని ముదిరేలా చేసిందని 1998లోనే తేలింది, దాన్ని అడగకూడదు.

తొమ్మిదో వారం: ముదురుతోందా, లేదా

కప్పు లెక్క మూడు రోజులుగా మారింది. మొత్తం 30 నుంచి 46కి, రంగు ముదురు ఆకుపచ్చ. మెట్లెక్కితే ఆయాసం, ఒళ్లంతా నలత. జ్వరం లేదు. జ్వరం లేదని ఆగకూడదు. 2017లో నిపుణులు కుదుర్చుకున్న నిర్వచనం ప్రకారం దగ్గు, కళ్లె పరిమాణం లేదా చిక్కదనం, రంగు, ఆయాసం, నలత, రక్తం అనే ఆరింటిలో కనీసం మూడు 48 గంటలపాటు ముదిరి, చికిత్స మార్చాలని డాక్టర్ భావిస్తే అది జబ్బు ముదరడమే. ఇక్కడ నాలుగు ఉన్నాయి.

ఆ రోజే కళ్లె నమూనా ల్యాబ్‌కి వెళ్లింది, యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే. పొద్దున సాధనలో లోతునుంచి వచ్చినదే పనికొస్తుంది, ఉమ్ము కాదు. కోర్సు సాధారణంగా 14 రోజులు. సాధన ఆపలేదు. రెండు పూటలని నాలుగు చేశాం, ఒక్కోటీ పది నిమిషాలకి తగ్గించాం, హఫ్‌ల మధ్య నెమ్మది శ్వాస రెట్టింపు చేశాం. ఒంట్లో బాగాలేని రోజుల్లోనే చాలామంది దీన్ని మానేస్తారు, నిల్వ అప్పుడే ఎక్కువ.

రక్తం విషయం విడిగా రాసిచ్చాం. కళ్లెలో సన్నని చారలైతే మెత్తగా కొనసాగించి డాక్టర్‌కి చెప్పాలి. ఒక టీస్పూన్, అంటే 5 మి.లీ. మించి తాజా రక్తం వస్తే పరికరం, ఉప్పునీరు, బలమైన హఫ్‌లు అన్నీ ఆపి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఆగకుండా ఎక్కువగా వస్తుంటే నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి. ఒక పక్క హఠాత్తుగా పోటు, ఊపిరాడకపోవడం వచ్చినా అంతే. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉండొచ్చు.

పన్నెండో వారం

రోజుకి 28 మి.లీ., అందులో సాధనలో వచ్చింది 21. రంగు లేత పసుపు. రాత్రి దగ్గుతో లేవడం వారంలో ఒకటి రెండుసార్లకి తగ్గింది. ఉప్పునీటితో కళ్లె పల్చబడి హఫ్‌లు తక్కువ పడుతున్నాయి, అందుకే కొనసాగిస్తున్నాం. ఎల్‌టోల్ ఇంకా సరిగా కుదరలేదు. చివర్లో గొంతు మూసుకుని ముక్కుతున్నారు. నోట్లో పొట్టి, వెడల్పైన మౌత్‌పీస్ పెట్టుకుని చేస్తే గొంతు తెరిచి ఉంటుంది, రేపటినుంచి అది.

ఏడాదికి మూడుసార్లు ముదిరే జబ్బు తగ్గిందో లేదో పన్నెండు వారాల్లో తేలదు. ఏడాది పొడవునా యాంటీబయాటిక్ కోర్సులు లెక్కపెట్టాలి. రోజూ కప్పు కొలవడం ఇక అక్కర్లేదు, నెలలో ఒక వారం చాలు, రంగు మాత్రం రోజూ చూడాలి. మూడు నెలలకి మళ్లీ హఫ్ చేయించి వింటాం. పొడవైన హఫ్ పొట్టిగా మారిపోవడం అప్పటికి దాదాపు అందరిలోనూ కనిపిస్తుంది.